బోర్డు మీద కార్డులన్నీ పచ్చగ ఉన్నయి, కలిపే వారంల ఏదీ కలుస్తలేదు. కార్డు ఎట్ల రాయాలె?

పానగల్లు_చెరువు

బోరు మోటర్లను ఫోన్ నుంచి ఆన్, ఆఫ్ చేసే త్రీ ఫేజ్ స్టార్టర్ తయారైతున్నది. ఐదు టీములు. సర్క్యూట్, డబ్బా చూసే హార్డ్‌వేర్ వాళ్లు, దాని లోపలి ఫర్మ్‌వేర్ వాళ్లు, సర్వర్, రైతు చేతిల ఉండే యాప్, ఊర్లల్ల బిగించి పరీక్షించే ఫీల్డ్ టీం. కొందరు నల్గొండ ఐటీ టవర్‌ల, కొందరు హైదరాబాద్‌ల కూసుంటరు.

డిపెండెన్సీ బోర్డు పెట్టుకున్నం. ఎవరికి ఎవరి నుంచి ఏం రావాల్నో కార్డులు వేసి ప్రతి సోమవారం చూస్తం. జూన్ మైల్‌స్టోన్ ముంగట ఒక్క ఎర్ర కార్డు లేదు. తీరా కలిపే వారం వచ్చేసరికి యాప్‌ల 5 హెచ్‌పీ మోటరు 78 ఆంపియర్లు తీసుకుంటున్నట్టు చూపించి ఓవర్‌లోడ్ అలారం కొట్టింది. టైం ఐదున్నర గంటలు వెనక ఉన్నది. డబ్బా మూత బిగించంగనే సిగ్నల్ పోయింది. మైల్‌స్టోన్ మూడు వారాలు వెనక్కి పోయింది.

ముంగటి మైల్‌స్టోన్ 2025 సెప్టెంబర్ 19. ఇసొంటివి ముందే బయటపడాలంటే కార్డు ఎట్ల రాయాలె? మీటింగులు పెంచుడు తప్ప వేరే తొవ్వ ఉంటే చెప్పుండ్రి.

జడ్చర్ల_వైండింగ్

బోర్డు మీద పచ్చ లైటు వెలిగితే సప్లై ఉన్నట్టు, అంతే. రీడింగ్ కరెక్టని కాదు. 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ ఫుల్ లోడ్ మీద 8 ఆంపియర్ల చుట్టుపక్కల తీసుకుంటది. 78 నిజమైతే తీగలు ఎప్పుడో కాలుతుండె. కరెంటును కొలిచే మీ సీటీ రేషియో తప్పుంటది. వైరు సీటీలకెళ్లి ఎన్ని చుట్లు తిప్పిండ్రో చూడుండ్రి, క్లాంప్ మీటరు పెట్టి పోల్చుండ్రి.

పానగల్లు_చెరువు

అన్నా, నేను చెప్పింది పనుల కార్డులు పెట్టుకునే బోర్డు, కరెంటు బోర్డు కాదు. క్లాంప్ మీటరు పెడితే 7.8 వచ్చింది, సీటీ మంచిగనే ఉన్నది. ఫర్మ్‌వేర్ వాళ్లు దశాంశం లేకుండ 78 అని పంపుతరు, పదితోని భాగించుకోవాలె. సర్వర్ వాళ్లు అట్లనే ముందుకు తోసిండ్రు. యాప్ వాళ్లు దాన్నే ఆంపియర్లు అనుకున్నరు.

జడ్చర్ల_వైండింగ్

అట్లనా. నేను వేరే సమజైన. అయినా ఆ క్లాంప్ మీటరు పరీక్ష మీ కార్డుల ఉండాలె. యాప్‌ల కనబడే అంకె, తీగె మీద మీటరు చూపే అంకె ఒకటేనా అని ఎవరన్న చూసుంటే అప్పుడే దొరుకుతుండె.

పాలమూరు_పద్మ

జడ్చర్ల అన్న ప్రశ్నను వేరేగ అర్థం చేసుకున్నా అసలు చోటునే పట్టుకున్నడు. చెరువు తమ్ముడూ, ఆ కరెంట్ రీడింగ్ కార్డు మీద ఏం రాసి ఉండెనో మక్కీకి మక్కీ ఇక్కడ పెట్టు. పేర్లు తీసెయ్యి.

పానగల్లు_చెరువు

"సర్వర్ నుంచి యాప్‌కు: కరెంట్ రీడింగ్ ఏపీఐ. తేదీ: జూన్ 6. స్టేటస్: డన్." గింతే అక్కా. దాని ముందటిది, ఫర్మ్‌వేర్ నుంచి సర్వర్‌కు పోయేది గూడ గిట్లనే ఉంటది.

పాలమూరు_పద్మ

ఇందుల నాలుగు లోపాలున్నయి. ఒక్కొక్కటి చూద్దాం.

మొదటిది, డన్ అని ఎవరు పెట్టిండ్రు? సర్వర్ వాళ్లే కదా. ఇచ్చేటోళ్లు తమ వస్తువును తామే పాస్ చేసుకున్నరు. సర్వర్ టీం తాను తయారుచేసుకున్న నకిలీ డేటాతోని పరీక్షించుకున్నది, అందుల 7.8 ఉండొచ్చు. యాప్ టీం తన నకిలీ సర్వర్‌తోని పరీక్షించుకున్నది, అందుల గూడ 7.8. రెండు చోట్లా పాస్. 78 అనే అంకె ఫర్మ్‌వేర్ దగ్గర తప్ప ఎవరికీ కనబడలే. అందుకే ఇచ్చేటోళ్లు "ఇచ్చినం" అని మాత్రమే పెట్టాలె. "అందింది, మా దగ్గర నడిచింది" అని తీసుకునేటోళ్లు పెట్టినంకనే కార్డు మూసెయ్యాలె.

రెండోది, తేదీ ఒక్కటే ఉన్నది. అది ఎవరి తేదీ? కార్డు మీద రెండు తేదీలు ఉండాలె. "ఈ రోజుకల్లా కావాలె" అని తీసుకునేటోళ్లు రాసేది ఒకటి. "ఈ రోజు ఇస్తం" అని ఇచ్చేటోళ్లు రాసేది ఇంకొకటి. ఒకరి తేదీని ఇంకొకరు ముట్టుకోవద్దు. ఇచ్చే తేదీ కావాల్సిన తేదీ దాటి ఉంటే కార్డు తనంతట తానే ఎర్రగైతది. మనుషులు రంగు ఎంచుకుంటే పచ్చనే ఎంచుకుంటరు. తేదీల తేడాను లెక్కగట్టి రంగు పెడితే ఆ మొహమాటానికి చోటుండదు.

మూడోది, "కరెంట్ రీడింగ్ ఏపీఐ" అంటే ఏం వస్తువు? ఒక లింకా, ఒక ఫైలా, ఒక బిల్డ్ నంబరా? చేతుల పెట్టగలిగేది రాయాలె.

నాలుగోది, అందిందని ఏ పరీక్షతోని తేలుస్తరు? ఇదే జడ్చర్ల అన్న చెప్పింది. "బెంచ్ మీద మోటరు నడుస్తుండంగ క్లాంప్ మీటరు, యాప్ రెండూ 0.3 ఆంపియర్ తేడా లోపల ఉండాలె" అని ఒక్క వాక్యం చాలు.

దేవరకొండ_కోట

ఇన్ని కథలెందుకు. మొదటి వారంలనే అన్ని ఇంటర్‌ఫేసులు ఫ్రీజ్ చేసి, ఐదుగురు లీడ్లు సంతకాలు పెట్టి, ఇగ ఎవరూ మార్చొద్దంటే అయిపాయె. యూనిట్లు అందులనే రాసి ఉంటయి. ఇది క్రమశిక్షణ సమస్య.

మూసీ_గేటు

కోట అన్నా, సగం ఒప్పుకుంటా. యూనిట్, టైం జోన్, విలువ రాకపోతే ఏం పంపాలె, ఇవి మొదటి వారంలనే రాసుకోవచ్చు, రాసుకోవాలె. అన్నీ ఫ్రీజ్ చేస్తే మాత్రం ఏమైతదంటే, బోర్డు నిజంగ చేతికొచ్చి మోటరుకు కట్టినప్పుడు కొత్త సంగతి బయటపడుతది. ఉదాహరణకు సెన్సార్ వైరు ఊడితే గూడ సున్ననే వస్తది, ఫేజ్ పోతే గూడ సున్ననే వస్తది. రెండింటినీ వేరు చెయ్యాలంటే మెసేజ్ మార్చాలె. ఫ్రీజ్ అన్నరని ఫర్మ్‌వేర్ వాళ్లు మార్చరు, లేకుంటే ఎవరికీ చెప్పకుండ మారుస్తరు. రెండోది ఇంకా డేంజర్.

సర్వర్ పని చేసేటోనిగ నా పద్ధతి ఇది. మెసేజ్‌ల వెర్షన్ నంబర్ పెట్టాలె. కొత్త ఫీల్డు చేర్చుకోవచ్చు. ఉన్న ఫీల్డు అర్థం మార్చొద్దు, తీసెయ్యొద్దు. తప్పదంటే వెర్షన్ పెంచి, పాతదాన్ని ఒక మైల్‌స్టోన్ దాకా నడిపించాలె. పేరులనే యూనిట్ పెడితే ఇంకా మంచిది:

```json
{"v":2,"dev":"T014","ts":1756116000,"st":"RUN",
 "ir_dA":78,"iy_dA":79,"ib_dA":77}
```

`ir_dA` అని చూస్తే ఇది ఆంపియర్‌ల పదో వంతు అని ఎవరికైనా అనుమానం రావాలె. `ts` యూటీసీ సెకన్లు. పైన ఉన్నది మన టైం ప్రకారం 2025 ఆగస్టు 25 మధ్యాహ్నం 3:30. యాప్‌ల పొద్దున 10:00 అని కనబడిందంటే మన టైంకు మార్చుకునుడు మరిచిండ్రన్నట్టు. చెరువు చెప్పిన ఐదున్నర గంటల తేడా గిదే.

పానగల్లు_చెరువు

సరిగ్గ గదే. సర్వర్ వాళ్లు యాప్ మార్చుకుంటదనుకున్నరు, యాప్ వాళ్లు సర్వర్ మార్చి పంపుతదనుకున్నరు.

మూసీ_గేటు

అందుకని నమూనా మెసేజ్‌ల ఫైలు ఒక్కటే పెట్టుండ్రి, అందరికీ అదే. ఫర్మ్‌వేర్ పంపేది దానితోని సరిపోవాలె, సర్వర్, యాప్ పరీక్షలు రెండూ దాన్నే చదవాలె. ఎవరి నకిలీ డేటా వాళ్లు తయారుచేసుకునుడు బంద్. అందుల మంచి మెసేజ్ ఒక్కటి పెడితే లాభం లేదు. కనీసం ఐదు ఉండాలె: మోటరు నడుస్తున్నది, ఆగి ఉన్నది, ఒక ఫేజ్ పోయింది, సెన్సార్ చెడింది, కరెంటు పోయి వచ్చినంక మొదటి మెసేజ్. ఫేజ్ పోతే `0`, సెన్సార్ చెడితే `null`. ఈ రెండూ ఆ ఫైలుల కనబడితే యాప్ అమ్మాయి వెంటనే అడుగుతది, null వస్తే తెర మీద ఏం చూపియ్యాలె అని. ఆ ప్రశ్న జూన్ల గాదు, ఏప్రిల్ల రావాలె.

దేవరకొండ_కోట

వెర్షన్ మాట సరే. మార్పు ఒప్పుకునేటోడు ఒకడుండాలె గద. అందరూ చేర్చుకుంట పోతే ఆ ఫైలు చెత్తకుండి అయితది.

మూసీ_గేటు

ఉండాలె. తీసుకునే టీముల నుంచి ఒక్కరన్న చూసి సరే అన్నదాకా ఆ ఫైలుల మార్పు లోపటికి పోవద్దు. ఇచ్చే టీం తానే ఒప్పుకునుడు నడవదు.

మిర్యాలగూడ_మిల్లు

మా దగ్గర వేరే ఇబ్బంది. రైస్ మిల్లులకు వేబ్రిడ్జి తూకం, తేమ మీటరు, లెక్కల సాఫ్ట్‌వేర్ ఒక్కటిగ కలిపే పని. అందుల వేబ్రిడ్జి ఇండికేటర్ బయటి కంపెనీది. వాళ్లు మా బోర్డు చూడరు, తేదీలు రాయరు, ఫోన్ చేస్తే "పంపిస్తం సార్" అంటరు. ఆ కార్డు మీద రెండు తేదీలు ఎవరు రాయాలె?

పాలమూరు_పద్మ

మిల్లు గారూ, బయటోళ్ల పేరు మీద కార్డు వెయ్యొద్దు. లోపలి మనిషి ఒకరు వాళ్ల తరఫున ఇచ్చేటోళ్లుగ నిలబడాలె. ఇచ్చే తేదీ ఆ మనిషే రాయాలె, బయటోళ్ల నోటి మాట మీద గాదు, చేతికొచ్చిన రుజువు మీద. మొదటి రుజువుగ ఇండికేటర్ సీరియల్ పోర్టు నుంచి వచ్చే వరసలు ఒక పది అడగండి, టెక్స్ట్ ఫైలుల. తూకం ముందర ఖాళీలు ఎన్ని, లారీ ఇంకా ఊగుతున్నదని తెలిపే గుర్తు ఏది, అన్నీ ఆ పది వరసలల్ల కనబడుతయి. మీ నమూనా ఫైలు అదే. వస్తువు వచ్చేదాకా దానితోని పని నడుస్తది. ఆ పది వరసలే నెలైనా రాలేదంటే ఇండికేటర్ తేదీని నమ్మొద్దు, కార్డు ఎర్రగనే ఉంచాలె.

మిర్యాలగూడ_మిల్లు

ఊగుతున్న గుర్తు సంగతి మా కార్డుల లేనే లేదు. రేపే అడుగుత.

పానగల్లు_చెరువు

అక్కా, కార్డు సమజైంది. కావాల్సిన తేదీ అందరూ ఉత్తగనే "తొందరగ" అనో, మైల్‌స్టోన్ తేదీనో రాస్తున్నరు. అది ఎట్ల లెక్కగట్టాలె?

పాలమూరు_పద్మ

వెనక నుంచి రావాలె. ముందు మీ సెప్టెంబర్ 19 మైల్‌స్టోన్ ఏందో చెప్పు. ఏం జరిగితే అయినట్టు?

పానగల్లు_చెరువు

"అన్ని మాడ్యూళ్లు ఇంటిగ్రేట్ అయి ఉండాలె" అని రాసి ఉన్నది.

పాలమూరు_పద్మ

దాన్ని చూసి ఎవరూ అయిందనీ చెప్పలేరు, కాలేదనీ చెప్పలేరు. రైతు చేసే పని ఒక్కటి తీసుకొని మొదటి నుంచి చివరిదాకా రాయాలె. ఒక నమూనా: "ఒక ఊర్ల మూడు బోర్లకు మూడు డబ్బాలు. మూత బిగించి ఉండాలె. యాప్ నుంచి ఒక్కొక్క డబ్బాకు 50 సార్లు ఆన్, 50 సార్లు ఆఫ్. నొక్కిన 10 సెకన్లల తెర మీద నిజమైన స్థితి కనబడాలె. ఒక ఫేజ్ పీకేస్తే 5 సెకన్లల మోటరు ఆగి, యాప్‌ల ఏ ఫేజ్ పోయిందో రావాలె." ఈ అంకెలు మీ సరుకుకు తగ్గట్టు మార్చుకోండ్రి. ఐదు టీములల్ల ఏ ఒక్కటి రాకపోయినా ఇది పాస్ కావద్దు, అట్ల ఉండాలె మైల్‌స్టోన్.

డిండి_ఫీల్డ్

ఫీల్డ్ పని చేసేటోనిగ ఒక మాట. 50 స్టార్టులు ఒక్క రోజుల కొట్టొద్దు. సబ్‌మెర్సిబుల్ మోటరును పదే పదే స్టార్ట్ చేస్తే వైండింగ్ వేడెక్కుతది. రోజుకు 10, నడుమ గ్యాపు ఇచ్చి. అంటే ఐదు రోజులు పడుతది. రైతు నీళ్లు పెట్టుకునే టైంల మనం ఆన్ ఆఫ్ ఆడుకుంటే ఊకోడు, అది గూడ చూసుకోవాలె.

పాలమూరు_పద్మ

ఇది మంచి సంగతి, ఫీల్డ్ ఐదు రోజులు ఎందుకో ఇప్పుడు తెలిసింది. ఇగ లెక్క చూడు. 19 శుక్రవారం. ఫీల్డ్ 15 నుంచి 19 దాకా. దానికి ముందు అన్నీ ఒక బల్ల మీద పెట్టి కలిపి నడుపుడు మూడు రోజులు, 10 నుంచి 12. కాబట్టి యాప్ బిల్డ్ 9 సాయంత్రానికి చేతిల ఉండాలె. యాప్ వాళ్లకు నడుస్తున్న సర్వర్ మీద ఐదు పని రోజులు కావాలంటే సర్వర్ 2 సాయంత్రానికి. సర్వర్ వాళ్లకు ఫర్మ్‌వేర్ మెసేజ్‌లు వస్తుండంగ నాలుగు రోజులు కావాలంటే ఫర్మ్‌వేర్ ఆగస్టు 27 సాయంత్రానికి.

కొల్లాపూర్_మామిడి

27 వినాయక చవితి అక్కా. సెప్టెంబర్ 5న మిలాద్ ఉన్ నబీ గూడ ఉన్నది.

పాలమూరు_పద్మ

మామిడి చెప్పింది నిజం. మళ్ల లెక్కగడదాం. యాప్ ఐదు రోజులు 2, 3, 4, 8, 9. అంటే సర్వర్ 1 సాయంత్రానికి. సర్వర్ నాలుగు రోజులు ఆగస్టు 26, 28, 29, సెప్టెంబర్ 1. అంటే ఫర్మ్‌వేర్ ఆగస్టు 25 సోమవారం సాయంత్రానికి. రెండు సెలవులకు గొలుసు మొదట్ల రెండు పని రోజులు కరిగిపోయినయి. చెరువూ, ఫర్మ్‌వేర్ వాళ్లు ఇస్తమన్న తేదీ ఎంత?

పానగల్లు_చెరువు

ఆగస్టు 29.

కొల్లాపూర్_మామిడి

ఐతే ఇప్పుడే మూడు పని రోజులు లేటు. సెప్టెంబర్ 19 దాటితే 21న ఎంగిలిపూల బతుకమ్మ, అక్టోబర్ 2న దసరా. నడుమ ఊర్లల్ల ఎవరు బోరు దగ్గరికి వస్తరు? మూడు రోజుల లేటు రెండు వారాల లేటు అయితది.

దేవరకొండ_కోట

ఫర్మ్‌వేర్ వాళ్లను శని ఆదివారాలు కూసోబెట్టాలె. వేరే దారి లేదు.

పాలమూరు_పద్మ

ఆగన్నా. ముందు సర్వర్ వాళ్లను అడగాలె, 25కు మీకు నిజంగ ఏం కావాలె అని. మెసేజ్‌లు సరైన రూపంల వస్తే చాలు. అందుల ఉన్న 78 నిజంగ సీటీ నుంచి వచ్చిందా, ఫర్మ్‌వేర్ల చేత్తోని రాసిందా, సర్వర్‌కు అవసరం లేదు. ఫర్మ్‌వేర్ ఆలస్యం ఎక్కడున్నది? నా అనుమానం, సీటీ రీడింగును సరిచేసే పనిల. అవునా చెరువూ?

పానగల్లు_చెరువు

అవునక్కా. కొత్త బోర్డులు ఆగస్టు 22కు వస్తయి, అవి వచ్చినంకనే క్యాలిబ్రేషన్. అందుకే 29 అన్నరు.

పాలమూరు_పద్మ

ఐతే కార్డును రెండు చెయ్యి. ఒకటి, "ఐదు నమూనా మెసేజ్‌లను మోడెం మీదికెళ్లి నిమిషానికి ఒకటి పంపే బిల్డ్, అంకెలు స్థిరం". దీనికి కొత్త బోర్డే అక్కర్లేదు, డెవలప్‌మెంట్ కిట్ మీద నడుస్తది. ఆగస్టు 20కు ఇస్తరేమో అడుగు. కావాల్సింది 25, అంటే మూడు పని రోజులు చేతిల మిగులుతయి. రెండోది, "నిజమైన సీటీ రీడింగుతోని బిల్డ్". ఇది బల్ల మీద కలిపే రోజుకు కావాలె, అంటే సెప్టెంబర్ 9 సాయంత్రం. వాళ్లకు క్యాలిబ్రేషన్‌కు ఆరు పని రోజులు పట్టినా బోర్డులు ఆగస్టు 29కి చాలు. 22కు వస్తే ఇంకా నాలుగు పని రోజుల ఖాళీ ఉన్నది. ఎవ్వరూ ఆదివారం రానక్కర్లే.

ఒకటి గుర్తుంచుకో. మొదటి బిల్డ్ అందినప్పుడు రెండో కార్డును గూడ పచ్చ చెయ్యొద్దు. అంకెలు స్థిరమని కార్డు పేరులనే ఉండాలె. లేకుంటే పైన ఎవరన్న చూసి ఫర్మ్‌వేర్ అయిపోయిందనుకుంటరు.

డిండి_ఫీల్డ్

మరి సిగ్నల్ సంగతి? ఇనుప డబ్బా మూత పెడితే 4జీ యాంటెన్నా లోపటనే ఉండిపోతది, సిగ్నల్ పడిపోతది. యాంటెన్నా బయటికి తియ్యాలంటే డబ్బాకు రంధ్రం, రబ్బరు గ్రోమెట్, కేబుల్ కావాలె. రంధ్రం పై భాగంల పెడితే వానకు నీళ్లు దిగుతయి, కింది వైపు పెట్టాలె. ఇది ఎవరి కార్డు?

పానగల్లు_చెరువు

అదే అడుగుదామనుకున్న. హార్డ్‌వేర్ వాళ్లు డబ్బా మాది గాదు, బయట చేయిస్తున్నం అంటరు. ఫీల్డ్ వాళ్లు మేం బిగిచ్చేటోళ్లం అంటరు. మోడెం ఫర్మ్‌వేర్ వాళ్ల చేతిల ఉన్నది, వాళ్లు సిగ్నల్ బలం లెక్క పంపుతున్నం గద అంటరు. బోర్డు మీద కార్డే లేదు.

మూసీ_గేటు

రెండు టీముల మధ్యన పడేవి బోర్డు మీద కనబడయి, ఎందుకంటే ఎవరి వాళ్లు తమకు కావాల్సింది రాసుకుంటరు. వాటిని పట్టాలంటే మైల్‌స్టోన్ వాక్యాన్ని పట్టుకొని రైతు వేలు బటన్ మీద పెట్టిన కాడి నుంచి ఒక్కొక్క అడుగు నడవాలె. వేలు, యాప్, నెట్, సర్వర్, మళ్ల నెట్, టవర్, యాంటెన్నా, మోడెం, ఫర్మ్‌వేర్, రిలే, కాంటాక్టర్, మోటరు. ఒక్కొక్క అతుకు దగ్గర ఇచ్చేదెవరు, తీసుకునేదెవరు అని అడిగితే పేరు రాని చోట కార్డు కొత్తగ పుడుతది.

డబ్బాకు మెసేజ్‌లు పంపనీకి మీరు ఎంక్యూటీటీ ప్రొటోకాల్ వాడితే ఇసొంటిదే ఇంకోటి ఉన్నది. క్యూఓఎస్ 1 అంటే కనీసం ఒక్కసారి చేరుతదని హామీ, ఒక్కసారే చేరుతదని గాదు. అదే ఆన్ ఆజ్ఞ రెండుసార్లు రావొచ్చు. దానికన్న ఘోరం, డబ్బాకు సిగ్నల్ లేనప్పుడు రైతు ఆన్ నొక్కిండు, నడవలేదు, చేత్తోని ఆఫ్ పెట్టి మోటరు దగ్గర వైరు సదురుకుంటున్నడు. అప్పుడు సిగ్నల్ వచ్చి, క్యూల ఉన్న ఆన్ చేరితే? ప్రాణం పోతది. ఆజ్ఞకు ఒక ఐడీ, చెల్లే గడువు ఉండాలె. ఎంక్యూటీటీ వెర్షన్ 3.1.1ల ఆ గడువు ప్రొటోకాల్ల లేదు, వెర్షన్ 5ల ఉన్నది. మీరు పాతది వాడుతుంటే మెసేజ్‌ల మీరే పెట్టాలె, ఫర్మ్‌వేర్ టైం చూసి పాత ఆజ్ఞను పారెయ్యాలె. దానికి ఫర్మ్‌వేర్ గడియారం సరిగ్గ ఉండాలె, గడియారం మోడెం నుంచి రావాలె. ఒక్క సంగతికి మూడు టీములు.

జడ్చర్ల_వైండింగ్

ఇది అన్నిటికన్న ముందు పెట్టుండ్రి. మోటరు దగ్గర పని చేసేటప్పుడు మెయిన్ తీసి ఫ్యూజులు పీకాలె అని ఎంత చెప్పినా ఊర్ల ఎవరూ తియ్యరు. ఇంకోటి, కరెంటు వచ్చినప్పుడు అన్ని డబ్బాలు ఒక్కసారే స్టార్ట్ అయితే ట్రాన్స్‌ఫార్మర్ మీద పడుతది. 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు ఆటో స్టార్టర్లు తీసెయ్యమని చెప్పింది ఊకెనే కాదు. మీ డబ్బా కరెంటు రాంగనే తనంతట తాను స్టార్ట్ అయితదా?

పానగల్లు_చెరువు

కాదన్నా, రైతు నొక్కితేనే. టైమర్ పెట్టుకుంటే మాత్రం అయితది. దాని ఆలస్యం సర్వర్ నిర్ణయించాల్నా, డబ్బానే నిర్ణయించాల్నా అనేది ఇంకా తేలలే.

మూసీ_గేటు

డబ్బానే. నెట్ లేనప్పుడు గూడ పనిచెయ్యాలె గద.

కొల్లాపూర్_మామిడి

నా అభిప్రాయం సర్వర్. ఒక్క ట్రాన్స్‌ఫార్మర్ కింద ఏ డబ్బాలు ఉన్నయో సర్వర్‌కే తెలుసు. డబ్బా తనకు తోచిన ఆలస్యం పెట్టుకుంటే పక్క డబ్బాది అదే కావొచ్చు.

మూసీ_గేటు

సర్వర్ ఒక్కొక్క డబ్బాకు ఆలస్యం అంకె ముందే పంపి పెట్టొచ్చు, డబ్బా దాన్ని దాచుకొని వాడుకుంటది. ఏదేమైనా దీనికి కార్డు వెయ్యాలె, "నిర్ణయం కావాలె" అని, వస్తువు గాదు. నిర్ణయాలకు గూడ కావాల్సిన తేదీ ఉంటది.

పానగల్లు_చెరువు

ఇయ్యాల వేసిన కార్డులు చెప్తున్న. ఫర్మ్‌వేర్ కార్డు రెండు చేసినం, స్థిర అంకెల బిల్డ్ ఆగస్టు 20కి ఒప్పుకున్నరు. నమూనా ఫైలుల ఐదు మెసేజ్‌లు పెట్టినం. null చూడంగనే యాప్ టీం నుంచి రెండు ప్రశ్నలు వచ్చినయి. ఆన్ ఆజ్ఞ గడువు కార్డు ఎర్రగ ఉన్నది, తీసుకునేటోళ్లు ఫర్మ్‌వేర్, కావాల్సింది ఆగస్టు 25. ఆలస్యం నిర్ణయం గూడ వేసినం. యాంటెన్నా రంధ్రం మాత్రం ఇంకా పేరు లేకనే ఉన్నది.

పాలమూరు_పద్మ

దాన్ని పేరు లేకుండ సోమవారం దాటనియ్యకు. మూత బిగించినప్పుడు సిగ్నల్ లేకపోతే మొదట దెబ్బ తగిలేది ఫీల్డ్ టీంకు, కాబట్టి తీసుకునేది ఫీల్డ్. కావాల్సిన తేదీ డిండి వాళ్లు రాయాలె. ఇచ్చేది డబ్బా డ్రాయింగ్ మీద సంతకం పెట్టేటోళ్లు, అంటే హార్డ్‌వేర్. బయట చేయించినా డ్రాయింగ్ వాళ్లదే. పరీక్ష: మూత తెరిచి ఒకసారి, బిగించి ఒకసారి సిగ్నల్ బలం చదివి రెండూ కార్డు మీద రాయాలె.

సోమవారం మీటింగుల అన్ని కార్డులు చదవకండ్రి. వచ్చే మూడు వారాలల్ల కావాల్సినవి, అందులనూ ఇచ్చే తేదీకి కావాల్సిన తేదీకి నడుమ రెండు పని రోజుల కన్న తక్కువ ఉన్నవి మాత్రమే. అరగంటల అయిపోతది.

దేవరకొండ_కోట

ఇన్ని కార్డులు, ఇన్ని తేదీలు చూసుకోవటానికి ఒక మనిషి పూర్తిగ దీని మీదనే ఉండాలె. ఐదు టీముల లీడ్లు వంతులవారీగ చూస్తే నడవదని నేనంట.

మూసీ_గేటు

పూర్తి మనిషి ఉంటే టీములు తేదీలు రాసుడు మానేసి ఆయననే రాసుకొమ్మంటయి. నేను వంతులకే ఓటేస్త, ఒక్కొక్క లీడ్ ఒక్కొక్క మైల్‌స్టోన్ పొడుగున.

డిండి_ఫీల్డ్

యాంటెన్నా కార్డు మీద సెప్టెంబర్ 8 రాసిన. 10న బల్ల మీద కలిపేటప్పుడే రంధ్రం కొట్టిన డబ్బా, గ్రోమెట్, కేబుల్ ఉండాలె. డబ్బాలు మూడు కాదు, నాలుగు పంపుండ్రి, ఒకటి మోసుకపోయేటప్పుడు సొట్టబడుతది.